సెల్ఫీని నమ్మితే ముఖం సన్నబడింది: గేమ్ క్యారెక్టర్‌ను ఫోటోకు సరిపోల్చిన ఒక కేసు

ఫోటో చూసి గేమ్‌లో అదే పోలికతో క్యారెక్టర్ తయారు చేసి, ఆ ముఖాన్ని మలిచే స్లైడర్ల నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసివ్వడం నేను కొన్నేళ్లుగా చేస్తున్న పని. చాలావరకు రెండు మూడు గంటల్లో తేలిపోతుంది. ఈ కేసుకు మాత్రం పది రోజులు పట్టింది. ఆలస్యానికి కారణం స్లైడర్లు కాదు, నేను ఫోటోను చదివిన తీరు. అందుకే వివరంగా రాస్తున్నాను. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, ఫోటోలు చూపించడం లేదు.

అడిగింది ఏమిటంటే

ఒక అక్క తన తమ్ముడికి పుట్టినరోజు కానుకగా ఇవ్వాలనుకుంది. తమ్ముడు ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్ కొత్తగా మొదలుపెట్టబోతున్నాడు. ఆటలో నడిచే మనిషికి తన ముఖమే ఉండాలన్నది ఆమె కోరిక. అతనికి ముందే తెలియకూడదు కాబట్టి కొత్తగా ఫోటో తీయమని అడగడానికి వీల్లేదు. ఫోన్‌లో ఉన్న ఒక సెల్ఫీ పంపింది. స్పష్టమైన ఫోటోనే. ముఖం నేరుగా ఉంది, కళ్లు తెరిచి ఉన్నాయి, పళ్లు కనిపించేలా నవ్వుతున్నాడు.

2022లో వచ్చిన ఈ ఆటలో ఫోటో ఎక్కించి ముఖం రాబట్టే దారి లేదు. ఒక మూస ముఖం ఎంచుకుని, దాని మీద పదుల కొద్దీ స్లైడర్లను ఒక్కొక్కటిగా జరపాలి. ప్రతిదీ 0 నుంచి 255 వరకు ఉంటుంది. చర్మం, జుట్టు రంగులు కూడా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు స్లైడర్లతోనే. కాబట్టి కంటితో చూసిన పోలికను నంబర్లలోకి మార్చడమే మొత్తం పని.

మొదటి ప్రయత్నం

సెల్ఫీని ఒక పక్క, గేమ్ తెరను ఇంకో పక్క పెట్టుకుని మొదలుపెట్టాను. కళ్లు అందంగా ఉన్నాయి కదా అని ముందు వాటి మీదే గంటకు పైగా కూర్చున్నాను. తర్వాత ముఖం కాస్త వెడల్పుగా అనిపించి Horiz. Face Ratio తగ్గించాను. దాంతో కళ్ల మధ్య దూరం, పెదవుల వెడల్పు అన్నీ కదిలిపోయాయి. అప్పటిదాకా చేసిందంతా మళ్లీ చేశాను. మొత్తం ముఖాన్ని కదిలించే స్లైడర్లు ముందు, అవయవాలను కదిలించేవి తర్వాత అన్నది నాకు తెలిసిన విషయమే. ఫోటో బాగుందన్న ధీమాలో ఆ క్రమం తప్పాను.

చివరికి సెల్ఫీకి దగ్గరగా వచ్చిందనుకుని స్క్రీన్‌షాట్లు పంపాను. ఆమె జవాబు ఇలా వచ్చింది: "మా తమ్ముడేనండీ, కానీ జ్వరం వచ్చి లేచినట్టున్నాడు. ముక్కు కూడా వాడిది కాదు."

ఈ పనిలో దగ్గరివాళ్ల మాట చాలా విలువైనది, కానీ దాన్ని యథాతథంగా స్లైడర్‌కు అన్వయించకూడదు. ముక్కు వాడిది కాదంటే ముక్కు మార్చమని అర్థం కానక్కర్లేదు. ముక్కు చుట్టూ ఏదో తప్పిందని మాత్రమే అర్థం. "జ్వరం వచ్చి లేచినట్టు" అన్న మాట మీద ఎక్కువసేపు ఆలోచించాను. జ్వరంతో ముఖం పీక్కుపోతుంది, అంటే సన్నబడుతుంది. కానీ నేను సెల్ఫీలో ఉన్న వెడల్పే పెట్టాను. సెల్ఫీకి సరిపోయి, మనిషికి సరిపోలేదంటే అనుమానించాల్సింది సెల్ఫీనే.

సెల్ఫీ ఎక్కడ మోసం చేసింది

చేయి కాస్త మడిచి తీసిన సెల్ఫీలో కెమెరా ముక్కు కొనకు దాదాపు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. కనుపాపలు ముక్కు కొనకంటే సుమారు 4 సెంటీమీటర్లు వెనక, అంటే కెమెరాకు 34 దగ్గర ఉంటాయి. చెంప ఎముకలు బాగా వెడల్పుగా ఉండే చోటు, అంటే చెవులకు కాస్త ముందు, ఇంకో 5 సెంటీమీటర్లు వెనక, 39 దగ్గర. దూరంగా ఉన్నది చిన్నగా కనిపిస్తుంది కాబట్టి, కళ్లతో పోలిస్తే చెంపల వెడల్పు 34ను 39తో భాగించినంత, అంటే 87 శాతమే కనిపిస్తుంది. అదే ఫోటోను ఒకటిన్నర మీటర్ల దూరం నుంచి తీస్తే 154ను 159తో భాగించాలి, 97 శాతం వస్తుంది. ముక్కు సంగతి దీనికి తలకిందులు. అది కళ్లకంటే ముందుంది కాబట్టి సెల్ఫీలో ఉబ్బుతుంది.

అంటే సెల్ఫీలో సన్నగా కనిపించిన ముఖం నిజంగా సన్నది కాదు. కెమెరా దగ్గరగా ఉండటం వల్ల సన్నగా కనిపించింది. గేమ్‌లో క్యారెక్టర్‌ను మనం కొంత దూరం నుంచి చూస్తాం. నేను ఆ సన్నదనాన్ని ఎముకల్లోకే దించేశాను. ఇక ఎంత దూరం నుంచి చూసినా అతను సన్నగానే ఉంటాడు.

దీనికి నవ్వు తోడైంది. నవ్వినప్పుడు నోరు, ముక్కుపుటాలు వెడల్పవుతాయి. చెంపలు పైకి లేచి కింది కనురెప్పలను నెడతాయి, కళ్లు చిన్నవవుతాయి. గేమ్ క్యారెక్టర్ మాత్రం ఎప్పుడూ మామూలు ముఖంతో ఉంటుంది. నవ్వు కొలతలను నవ్వని ముఖానికి పెడితే పెద్ద నోరు, చిన్న కళ్లు, వెడల్పు ముక్కు మిగులుతాయి గానీ నవ్వు రాదు.

ఏ ఫోటోను దేనికి వాడాలి

కొత్త ఫోటో కుదరదు కాబట్టి పాతవి ఏమున్నాయో వెతకమన్నాను. రెండు దొరికాయి. ఒకటి ఆరు నెలల కిందటి పాస్‌పోర్ట్ సైజు ఫోటో. ఇంకొకటి ఏదో ఫంక్షన్‌లో పగటిపూట బయట తీసింది, అందులో అతను కొంచెం పక్కకు తిరిగి ఉన్నాడు.

పాస్‌పోర్ట్ ఫోటోను జనం ఇష్టపడరు గానీ నా పనికి అంతకంటే మంచిది లేదు. కెమెరా దూరంగా, కళ్ల ఎత్తులో ఉంటుంది, తల వంగదు, నవ్వు ఉండదు. ముఖం ఆకారానికి దాన్నే ప్రమాణంగా తీసుకున్నాను. చర్మం రంగుకు మాత్రం దాన్ని పక్కన పెట్టాను. తీసినవాళ్లు ముఖాన్ని తెల్లబరిచారని చూడగానే తెలిసింది. మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు, ముక్కు పక్కన ఉండాల్సిన నీడ మాయం. రంగుకు ఫంక్షన్ ఫోటో తీసుకున్నాను. సెల్ఫీని జుట్టుకూ కనుబొమ్మల వెంట్రుకల తీరుకూ పరిమితం చేశాను. ఒకే ఫోటో నుంచి అన్నీ తీసుకోవాలన్న పట్టుదల వదిలేశాకే ఈ కేసు కదిలింది.

కొలతలు

కొలవడానికి ఏ ఫోటో ఎడిటరైనా చాలు. రెండు కనుపాపల మధ్య దూరాన్ని 100గా పెట్టుకుని మిగతావన్నీ దానితో పోలుస్తాను. ఫోటో చిన్నదైనా పెద్దదైనా ఈ నిష్పత్తి మారదు. పాస్‌పోర్ట్ ఫోటోలో చెంపల వెడల్పు 209, ముక్కుపుటాల వెడల్పు 61, నోరు 82 వచ్చాయి. అవే సెల్ఫీలో 188, 74, 104. ఈ రెండు వరసలు పక్కపక్కన రాసుకున్నప్పుడు ఆమె చెప్పిన జ్వరం, ముక్కు రెండూ అర్థమయ్యాయి.

ఈసారి మూస ముఖం నుంచి మళ్లీ మొదలుపెట్టాను. పాత ముఖాన్ని సరిచేయవచ్చు కదా అనిపించింది. కానీ అందులో చాలా స్లైడర్లు ఒకదాని తప్పును ఇంకోటి కప్పిపుచ్చే స్థితిలో ఉన్నాయి. ఒకటి సరిచేస్తే ఇంకోటి బయటపడుతుంది. అలాంటప్పుడు మొదటికి వెళ్లడమే దగ్గరి దారి.

ముందు జుట్టు తీసేసి గుండు చేశాను. నిలువు, అడ్డం నిష్పత్తులు, తర్వాత దవడ, ఆ తర్వాత కళ్లు, ముక్కు, నోరు. ప్రతి దశలో ముఖాన్ని సూటిగా నిలబెట్టి, కెమెరాను వీలైనంత వెనక్కి జరిపి స్క్రీన్‌షాట్ తీసి కొలిచాను. కెమెరా దగ్గరికి తెచ్చి తీస్తే సెల్ఫీ తప్పే ఇక్కడ కూడా జరుగుతుంది. ఫోటోను సగం పారదర్శకంగా చేసి స్క్రీన్‌షాట్ మీద పరిచి చూశాను కూడా. పరిచేటప్పుడు కనుపాపలను మాత్రమే కలపాలి. తల ఎత్తుకో గడ్డానికో సరిపడేలా లాగితే, మనం వెతుకుతున్న తేడానే చెరిపేసుకుంటాం.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. అన్నీ జాగ్రత్తగా చేశాక గేమ్ ముఖంలో చెంపలు 197, ముక్కు 57, నోరు 77 వచ్చాయి. మూడూ తక్కువే. మొదట చెంప ఎముకల స్లైడర్ పెంచబోయాను. చేయి ఆపి మళ్లీ లెక్క చూసుకుంటే, మూడూ దాదాపు ఒకే మేర, ఆరు శాతం చొప్పున తక్కువగా ఉన్నాయి. మూడు వేర్వేరు అవయవాలు ఒకే శాతంతో తప్పవు. తప్పు కొలబద్దలో ఉంది. కనుపాపల దూరం 100 అనుకున్నాను గానీ ఆ దూరమూ ఒక స్లైడరే. కళ్లు ఎక్కువ ఎడంగా ఉంటే మిగతావన్నీ చిన్నవిగా లెక్కకు వస్తాయి. Eye Spacing కొద్దిగా తగ్గించాను, మూడూ ఒక్కసారిగా సరిపోయాయి. అప్పుడు చెంపలు పెంచి ఉంటే తర్వాత ముక్కు, ఆపైన నోరు పెంచేవాణ్ని. చివరికి కళ్లు ఎందుకు దూరంగా ఉన్నాయో తెలియక తల పట్టుకునేవాణ్ని.

సూటి ఫోటో ముక్కు ఎంత ముందుకొచ్చిందో చెప్పదు, గడ్డం సంగతీ చెప్పదు. వాటికి ఫంక్షన్ ఫోటోలోని పక్కచూపే ఆధారం. క్యారెక్టర్‌ను అంతే కోణానికి తిప్పి, అవతలి చెంప అంచుతో పోల్చినప్పుడు ముక్కు కొన ఎక్కడికి వస్తుందో చూసి సరిచేశాను. ఇక్కడ కొలతలకంటే కన్నే నమ్మకం, ఎందుకంటే తల ఎంత తిరిగిందో కచ్చితంగా కొలవలేం.

చర్మం రంగు

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఫోటోలో చెంప మీద రంగు పట్టే పనిముట్టుతో నొక్కి, వచ్చిన మూడు నంబర్లను స్లైడర్లలో వేస్తారు. ఫోటోలోని రంగు చర్మానిది మాత్రమే కాదు, దాని మీద పడిన వెలుగు కూడా అందులో కలిసి ఉంటుంది. గేమ్ ఆ రంగు మీద తన వెలుగును మళ్లీ వేస్తుంది. అంటే వెలుగు రెండుసార్లు పడుతుంది.

ఫోటోలోని వెలుగును కొంతవరకు తీసేయడానికి ఫంక్షన్ ఫోటోలో ఒక ఆధారం దొరికింది. అతను తెల్ల చొక్కా వేసుకున్నాడు. ముఖం మీద పడిన నీడపట్టు వెలుగే చొక్కా మెడపట్టీ మీద కూడా పడింది. అక్కడ నంబర్లు 226, 222, 214 ఉన్నాయి. తెలుపు తెలుపుగా ఉంటే మూడూ సమానంగా ఉండాలి. నీలం తగ్గిందంటే వెలుగులో కొద్దిగా పసుపు ఉంది. చెంప మీద మెరుపూ నీడా లేని చోట నొక్కితే 168, 121, 94 వచ్చింది. చొక్కాను సమం చేసే నిష్పత్తితోనే ఆకుపచ్చను, నీలాన్ని పెంచితే 168, 123, 99 అయింది. నుదుటి మీద నూనె మెరుపు ఉంటుంది, అక్కడ నొక్కకూడదు. ముక్కు కొన, బుగ్గల ఎరుపు కూడా పనికిరావు.

ఆ నంబర్లు వేస్తే క్యారెక్టర్‌ను తయారు చేసే తెరలో ముఖం ఫోటోకంటే ముదురుగా కనిపించింది. మొదటి ప్రయత్నంలోనూ ఇదే జరిగింది. అప్పుడు తెర ఫోటోకు సరిపోయేదాకా రంగు పెంచుకుంటూ పోయాను. తర్వాత ఆటలో ఎండలోకి తీసుకెళ్తే ముఖం పౌడర్ రాసినట్టు తెల్లగా అయిపోయింది. తయారీ తెరలోని వెలుగు మసకగా ఉంటుంది, ఆటంతా ఆ వెలుగులో సాగదు. అందుకే ఈసారి తెరను నమ్మకుండా ఆటలోకి వెళ్లాను. పగటి వెలుగులో ఒక చోట, నీడలో ఒక చోట నిలబెట్టి చూశాను. రూపాన్ని ఆటలో రౌండ్‌టేబుల్ హోల్డ్ అనే చోట ఉన్న అద్దం దగ్గర ఎప్పుడైనా మార్చుకోవచ్చు కాబట్టి అటూ ఇటూ తిరగడం విసుగే తప్ప కష్టం కాదు. ఎండలో కొంచెం తేలిపోయినట్టు అనిపించి 156, 114, 92 దగ్గర ఆగాను. తగ్గించేటప్పుడు మూడింటినీ ఒకే నిష్పత్తిలో తగ్గించాలి. ఒక్క ఎరుపునే తగ్గిస్తే చర్మం బూడిదరంగుకు తిరుగుతుంది, చామనఛాయ ముఖాల్లో అది వెంటనే తెలిసిపోతుంది.

ఈ రంగుల పనికి ముందు తెర మీద రాత్రిపూట పసుపు వేసే ఫిల్టర్ ఆపి ఉందో లేదో చూసుకోవాలి. అక్కగారి ఫోన్‌లో అది ఆన్‌లో ఉంది. నేను పంపినవన్నీ ఆమెకు పచ్చగా కనిపిస్తున్నాయని రెండో రోజుకు గానీ తెలియలేదు.

జుట్టు

అతనిది దట్టమైన ఉంగరాల జుట్టు. ఆటలో ఉన్న వాటిలో అచ్చంగా అలాంటిది లేదు. రెండు దగ్గరగా ఉన్నాయి. ఒకదానిలో ఉంగరాలు బాగున్నాయి గానీ నుదుటి మీదికి పడుతుంది. ఇంకొకదానిలో ఉంగరాలు వదులుగా ఉన్నా, నుదుటి దగ్గర జుట్టు మొదలయ్యే గీత అతనిలాగే ఉంది. రెండోదే తీసుకున్నాను. జుట్టు గీత నుదుటి ఎత్తును నిర్ణయిస్తుంది, నుదురు మారితే ముఖం పొడవే మారినట్టు అనిపిస్తుంది. ఉంగరాలు కాస్త తేడాగా ఉంటే ఈమధ్య దువ్వుకున్నాడేమో అనుకుంటారు. గీత తేడాగా ఉంటే వేరే మనిషి అనుకుంటారు.

గుండుతో సరిగ్గా ఉన్న దవడ, జుట్టు పెట్టాక సన్నగా అనిపించింది. చెవుల పక్కన జుట్టు గుబురుగా ఉంటే కింది భాగం చిన్నదిగా తోస్తుంది. కొలిచి చూస్తే నంబర్లు మారలేదు. ఫోటోలో కూడా అదే జుట్టుతో అదే భ్రమ ఉంటుంది కాబట్టి దవడ ముట్టుకోలేదు.

నల్లజుట్టుకు మూడు సున్నాలు వేయడం ఇంకో పొరపాటు. అలా వేస్తే పోగులు కలిసిపోయి టోపీ పెట్టినట్టు ఉంటుంది. సెల్ఫీలో నీడ లేని చోట జుట్టు 38, 30, 27 దగ్గర ఉంది. అంతకంటే కాస్త తక్కువ వేసి, మెరుపును మార్చే Luster కొంచెం తగ్గించాను.

పుట్టుమచ్చ

అతని కంటి కింద చిన్న పుట్టుమచ్చ ఉంది. ముఖం మీద వేసే గుర్తుల్లో ఒక చిన్నదాన్ని తీసుకుని బాగా కుదించి అక్కడికి జరిపాను. సెల్ఫీ ప్రకారం అది కుడి కంటి కింద పెట్టాను, పాస్‌పోర్ట్ ఫోటోలో ఎడమ వైపు ఉంది. ఏది నిజమో సెల్ఫీలోని చొక్కా మీద అక్షరాలు తేల్చాయి, అవి తిరగబడి ఉన్నాయి. చాలా ఫోన్లలో ముందు కెమెరా ఫోటోను అద్దంలోలా తిప్పి సేవ్ చేస్తుంది. జుట్టు పాపిడి కూడా అందుకే తప్పు వైపు పెట్టుకున్నానని అప్పుడు తెలిసింది. పాపిడి వైపు మార్చే వీలు ఆ జుట్టులో లేదు. దాన్ని ఒక లోపంగానే వదిలేశాను, ఆమెకు ముందే చెప్పాను.

సరిచేయలేని ఇంకోటి, అతని ఎడమ కనుబొమ్మ కుడిదానికంటే కొంచెం ఎత్తుగా ఉంటుంది. నేను వాడిన స్లైడర్లు రెండు వైపులా ఒకేలా కదులుతాయి. సగటు ఎత్తు పెట్టి ఊరుకున్నాను.

సరిచూడటం, ఇవ్వడం

పది రోజులుగా ఆ ముఖాన్నే చూస్తున్న నా కంటికి, అక్కగారి కంటికి ఇక తీర్పు చెప్పే శక్తి లేదు. చూసి చూసి అలవాటైన బొమ్మలో తప్పులు కనబడవు. అందుకని ఆమెను ఒక పని చేయమన్నాను. ఎండలో, పక్కకు కాస్త తిరిగి ఉన్న స్క్రీన్‌షాట్‌ను బొటనవేలి గోరంత సైజుకు తగ్గించి, ఏమీ చెప్పకుండా ఇంట్లో ఒకరికి చూపించమన్నాను. అంత చిన్న బొమ్మలో కనురెప్ప, పెదవి అంచు కనిపించవు. ముఖం ఆకారం, జుట్టు గీత, రంగు మాత్రమే మిగులుతాయి. మనిషిని గుర్తుపట్టేది వాటితోనే. వాళ్లమ్మగారు చూసి, "ఈ వేషమేంట్రా వీడికి, ఎక్కడ తీశావ్?" అన్నారట.

కాగితం రాసేటప్పుడు మొదటి వరుసలో శరీరం రకం, మూస ముఖం ఏదో రాశాను. అవి వేరేగా ఎంచుకుంటే కింద ఉన్న నంబర్లన్నీ సరిగ్గా వేసినా వేరే మనిషే వస్తాడు. తర్వాత స్లైడర్లను తెర మీద కనిపించే వరుసలోనే రాశాను. పుట్టినరోజు సాయంత్రం తమ్ముడే కూర్చుని ఒక్కొక్కటీ వేసుకున్నాడు. మధ్యలో ఒక చోట Nostril Width, Mouth Width నంబర్లు తారుమారు చేసి, ముఖం ఇలా ఉందేమిటని అక్కను అడిగాడట. ఆమె నాకు ఫోన్ చేయకుండా కాగితం చూసి తనే పట్టుకుంది. పాపిడి తప్పు వైపు ఉందని అతను ఇప్పటిదాకా అనలేదు. రోజూ అద్దంలో చూసుకునేది అదే వైపు కదా.